ఆక్సీమీటర్‌లో 99 ఉంది, అయినా ఊపిరి నిండట్లేదు. ఇది ఆస్తమానా?

అశోక్‌నగర్_24
నా వయసు 24. గ్రూప్స్‌కి చదువుతూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. ఏడాదిగా ఒక బాధ నన్ను వదలట్లేదు. కూర్చుని చదువుకుంటున్నప్పుడు ఉన్నట్టుండి గాలి చాలదు. ఎంత గట్టిగా పీల్చినా ఊపిరి సగంలోనే ఆగిపోయినట్టుంటుంది. పదిసార్లు లాగితే ఒక్కసారి నిండుతుంది, రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, మళ్ళీ మొదలు. ఆవులింతలు కూడా ఎక్కువే. నేను రోజంతా నిట్టూరుస్తూనే ఉంటానని రూమ్మేట్ అంటాడు. నాకైతే ఆ సంగతి తెలియదు.

మొదటిసారి మాక్ టెస్ట్ ముందు రోజు రాత్రి 11 గంటలకు వచ్చింది. ఎగరొప్పు, గుండె దడ, పెదాల చుట్టూ తిమ్మిరి. తర్వాత రెండు చేతుల వేళ్ళూ కొంకర్లు పోయాయి, విప్పుదామన్నా రాలేదు. పక్షవాతం అనుకుని నా స్నేహితులు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆక్సీమీటర్ 99 చూపించింది. ఈసీజీ, ఎక్స్‌రే బాగున్నాయన్నారు. మణికట్టు దగ్గర సూది పెట్టి రక్తం కూడా తీశారు. చివరికి గ్యాస్ అని చెప్పి పంపేశారు.

తర్వాత ఇంకో క్లినిక్‌లో ఆస్తమా మొదలవుతోందని ఇన్‌హేలర్ రాశారు. ఊదే పరీక్ష ఏదీ చేయలేదు. రెండు పఫ్‌లు తీసుకుంటే చేతులు వణుకుతాయి, దడ పెరుగుతుంది, ఊపిరి మాత్రం నిండదు. సీటీ స్కాన్ తీయించుకోవాలా? లోపల దాక్కున్న జబ్బు ఏమైనా ఉందా? దయచేసి చెప్పండి, నాన్నగారిని ఇంకా డబ్బులడగడం కష్టంగా ఉంది.

మెడికల్‌షాపు_తెనాలి
తమ్ముడూ, నేను ఇరవై ఏళ్ళుగా మందుల షాపులో ఉన్నాను. ఇలాంటి కుర్రాళ్ళు, ముఖ్యంగా పరీక్షల కాలంలో, చాలామంది వస్తారు. ఇది టెన్షన్ వల్ల వచ్చే ఎగరొప్పు. 99 ఉందంటే ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నట్టే. మళ్ళీ వస్తే ముక్కూ నోరూ మూసేలా ఒక కాగితం కవర్ పెట్టుకుని అందులోనే గాలి వదిలి పీల్చు, అయిదు నిమిషాల్లో తగ్గిపోతుంది. కొంకర్లు పోయాయంటే కాల్షియం కూడా తక్కువై ఉంటుంది, బిళ్ళలు వాడు.

రిటైర్డ్_మాస్టారు
మా తమ్ముడికీ ఇదే సమస్య. వయసు 61, ముప్ఫై ఏళ్ళు బీడీలు కాల్చాడు. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే కళ్ళె. అతనికీ ఇది టెన్షన్ వల్లనే అయి ఉంటుందా? ఆ కాగితం కవర్ పద్ధతి అతనికి చెప్పమంటారా?

ఛాతీ_డాక్టర్_గుంటూరు
మాస్టారూ, ముందుగా మీకే చెప్తాను. దయచేసి ఆ కవర్ మీ తమ్ముడికి ఇవ్వకండి. ఆయనది పూర్తిగా వేరే కథ. కదిలితే ఆయాసం, కళ్ళె, బీడీలు, అరవై దాటిన వయసు, ఇవన్నీ ఊపిరి గొట్టాలు మెల్లగా దెబ్బతినడాన్ని చూపిస్తున్నాయి. దగ్గర్లో స్పైరోమెట్రీ ఉన్నచోట ఊదించండి, బీడీ మాన్పించండి.

తెనాలి అన్నగారూ, మీరు అనుమానించిన దిక్కు సరైనదే, కానీ మూడు విషయాలు సరిచేయాలి. కవర్‌లో పీల్చేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అది నిజంగా ఆస్తమా దాడో, గుండెపోటో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డో అయితే ప్రాణం మీదికి వస్తుంది. అలా చనిపోయినవాళ్ళు ఉన్నారు, అందుకే ఇప్పుడు మేము ఆ సలహా ఇవ్వం. రెండోది, 99 అన్నది ఆ నిమిషంలో రక్తానికి ఆక్సిజన్ అందుతోందని మాత్రమే చెప్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు దాడి లేని రోజు 99 ఉంటుంది, దాడి మొదట్లో కూడా ఉండొచ్చు. మూడోది, కాల్షియం. ఒంట్లో కాల్షియం తగ్గదు. అతిగా ఊపిరి వదిలినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలో విడిగా తిరిగే కాల్షియం కొంత ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. నరాలు చిరాకుపడి వేళ్ళు కొంకర్లు పోతాయి. ఊపిరి నెమ్మదిస్తే అదే విడిపోతుంది. బిళ్ళలు అక్కర్లేదు.

అశోక్‌నగర్ బాబూ, నాకు నాలుగు సంగతులు కావాలి. నిద్రలోంచి తెల్లవారుజామున దగ్గుతోనో పిల్లికూతలతోనో లేస్తావా? మూడంతస్తులు ఎక్కితే ఏమవుతుంది? చిన్నప్పుడు ఆస్తమా, ఎలర్జీ ఉన్నాయా? మణికట్టు రక్తం రిపోర్టు నీ దగ్గరుంటే అంకెలు రాయి. ఆ రక్తం ఆక్సిజన్ మాస్కు పెట్టకముందు తీశారా, పెట్టాక తీశారా అన్నది కూడా ముఖ్యం.

అశోక్‌నగర్_24
మేడమ్, నిద్రలో ఏమీ ఉండదు. పడుకోబోయే ముందు ఇబ్బందే, కానీ నిద్ర పట్టాక పొద్దుటిదాకా లేవను. హాస్టల్‌లో నా గది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఎక్కితే మామూలు ఆయాసమే. ఆదివారాలు క్రికెట్ ఆడతాను, ఆడేటప్పుడు ఆ బాధ గుర్తుకే రాదు. చిన్నప్పుడు ఆస్తమా లేదు. దుమ్ము పడితే తుమ్ములు వస్తాయి, అమ్మకి కూడా అంతే.

రిపోర్టు దొరికింది. పీహెచ్ 7.56, కార్బన్ డయాక్సైడ్ 22, ఆక్సిజన్ 104, బైకార్బొనేట్ 19. మామూలు గాలి మీద తీసినట్టు రాసి ఉంది.

ఛాతీ_డాక్టర్_గుంటూరు
ఈ కాగితం జాగ్రత్తగా దాచుకో, సీటీ స్కాన్ కన్నా ఇది ఎక్కువ చెప్తోంది. కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య ఉండాలి. నీకు 22. అంటే ఆ రాత్రి నీ ఊపిరితిత్తులు ఒంటికి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ గాలి తోడేశాయి. ఇలాంటప్పుడు చాలామందికి తల తిరగడం, కళ్ళు మసకబారడం కూడా దానివల్లనే. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే మెదడుకు వెళ్ళే రక్తనాళాలు బిగుసుకుంటాయి.

అయితే 22 ఒక్కటే చూసి టెన్షన్ అనడానికి లేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ పడినా, ఆస్తమా దాడి మొదట్లో కూడా మనిషి ఎగరొప్పి ఇదే 22 తెచ్చుకుంటాడు. తేడా పక్కనున్న అంకెలో ఉంది. ఊపిరితిత్తుల చివరి గదుల్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఆ చోటులోకి ఆక్సిజన్ వస్తుంది. ఊపిరితిత్తి బాగుంటే అది రక్తంలో కూడా పెరగాలి. హైదరాబాద్ ఎత్తుకి లెక్క వేస్తే నీ గదుల్లో సుమారు 112 ఉండాలి, రక్తంలోకి 104 వచ్చింది. అంటే దాదాపు ఏ అడ్డూ లేకుండా దాటింది. అదే కార్బన్ డయాక్సైడ్ 22 ఉండి ఆక్సిజన్ 78 అని ఉంటే, నువ్వు ఎంత భయపడుతూ కనిపించినా నేను ఇంటికి పంపేదాన్ని కాదు.

బెంగళూరు_అక్క
ఈ మాట నేను గట్టిగా చెప్పాలి. మా చెల్లికి 26. నెలసరి సమస్యకి హార్మోన్ బిళ్ళలు వాడుతోంది. పిక్క నొప్పి అని రెండు రోజులు అంది, మూడో రోజు ఒక్కసారిగా ఊపిరాడలేదు. ఏడుస్తూ వెళ్ళింది కాబట్టి, వయసు చిన్నది కాబట్టి, పానిక్ అని చెప్పి నిద్రబిళ్ళ ఇచ్చి పంపారు. నాడి 120 కొట్టుకుంటోంది, ఆక్సీమీటర్ 95. మర్నాడు ఇంకో చోట స్కాన్ చేస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. ఇప్పుడు బాగుంది. కానీ ఆడపిల్ల ఏడుస్తూ వస్తే ముందు టెన్షన్ అనేయడం నేను కళ్ళారా చూశాను. దయచేసి ఎవరూ ఇంట్లో కూర్చుని తమకు తామే ఇది టెన్షనే అని తేల్చుకోకండి.

ఛాతీ_డాక్టర్_గుంటూరు
అక్కా, మీరు రాసింది ప్రతి క్యాజువాలిటీ గోడమీద ఉండాలి. ఆ పిల్లలో మూడు గుర్తులు ఉన్నాయి: హార్మోన్ బిళ్ళలు, ఒక కాలి నొప్పి, తగ్గని నాడి. ఇంకా కొన్ని నేను ఎప్పుడూ వెతుకుతాను. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడికి ఒక పక్క ఛాతీలో పొడిచినట్టు నొప్పి మొదలై ఆయాసం వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో చూస్తాను. విపరీతమైన దాహం, వాంతులు, లోతైన ఊపిరి కలిసి ఉంటే ముందు వేలి చివర సూదిగుచ్చి షుగర్ చూస్తాను. ఆ పిల్లలు భయపడుతున్నట్టే కనిపిస్తారు. నిజానికి వాళ్ళ రక్తంలో ఆమ్లం పెరిగి, దాన్ని వదిలించుకోవడానికి ఒళ్ళు అలా పీలుస్తుంది.

ఇద్దరుపిల్లలతల్లి
మా పెద్దమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడాది. తనకీ ఊపిరి అందట్లేదంటే అందరూ టెన్షన్ అన్నారు. ఆర్నెల్లు కౌన్సెలింగ్‌కి తిప్పాం. ఒక రాత్రి నేను హాస్టల్‌లో తనతో పడుకున్నప్పుడు చూశాను, మూడున్నరకి లేచి కూర్చుని దగ్గుతోంది. తనకది అలవాటైపోయి ఎవరికీ చెప్పలేదు. ఊదే పరీక్షలో ఆస్తమా తేలింది. ఈ బాబుకి కూడా ఆస్తమా కాదని ఎలా చెప్తారు మేడమ్?

పీఎఫ్‌టీ_గది
నేను ఊపిరితిత్తుల పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. రోజుకి పదిహేను, ఇరవై మందిని ఊదిస్తాను. అమ్మా, మీ ప్రశ్నకి జవాబు ఒక్క పరీక్షలో దొరకదు. ఆస్తమా వచ్చిపోయే జబ్బు. బాగున్న రోజు ఊదిస్తే బాగానే వస్తుంది. అందుకే నేను పీక్ ఫ్లో మీటర్ గురించి చెప్తాను. ప్లాస్టిక్ గొట్టం, ఖరీదు తక్కువ, ఇంట్లోనే ఊదొచ్చు.

పొద్దున్న లేవగానే, రాత్రి పడుకునే ముందు, నిలబడి మూడేసి సార్లు ఊది అందులో పెద్ద అంకె రాసుకోవాలి. రెండు వారాలు. ఒక్కో రోజుకి పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసి, ఆ రోజు సగటుతో భాగించాలి. పెద్దవాళ్ళలో రెండు వారాల సగటు తేడా పది శాతం దాటితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. అసలైన రహస్యం ఇంకోటి ఉంది. ఊపిరి నిండట్లేదు అనిపించే ఆ నిమిషంలోనే ఊది చూడాలి. గొట్టాలు బిగుసుకుంటే అంకె పడిపోతుంది. బాధ ఎంత ఉన్నా అంకె కదలకపోతే గొట్టాలు తెరిచే ఉన్నాయన్నమాట.

ఒక జాగ్రత్త. భయంలో ఉన్నవాళ్ళు సగం ఊపిరితో ఊదుతారు, అప్పుడు అంకె తప్పుగా తగ్గుతుంది. నా గదిలో కంప్యూటర్ గీతలో అది తెలిసిపోతుంది, మూడుసార్లు ఊదితే మూడు గీతలూ మూడు రకాలుగా వస్తాయి. జబ్బు ఉన్నవాడి గీతలు మూడూ ఒకేలా వంగుతాయి. ఇంట్లో గొట్టానికి ఆ గీత ఉండదు, కాబట్టి మూడు అంకెలూ దగ్గరదగ్గరగా వచ్చేదాకా ఊదాలి.

లీడ్స్_నుంచి
నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. నాకూ ఇదే. ఇక్కడ డాక్టర్ స్పైరోమెట్రీ చూశాక పదహారు ప్రశ్నల కాగితం ఇచ్చారు. నెదర్లాండ్స్‌లోని నైమేగన్ పేరుతో ఉంటుంది. ఛాతీ పట్టేయడం, నోటి చుట్టూ బిగుతు, చల్లటి చేతులు, కడుపుబ్బరం ఇలా ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 64. 23 దాటితే అనుమానిస్తారు. నాకు 37 వచ్చింది. ఆ తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టించింది. పొట్ట మీది చెయ్యి అసలు కదలడం లేదు. అంతా పై ఛాతీతోనే పీలుస్తున్నాను. మూడేళ్ళుగా వస్తున్న ఛాతీ నొప్పి పక్కటెముకల కండరాలు అలిసిపోవడమేనని అప్పుడు తెలిసింది.

మనసు_పీజీ
సైకాలజీ చదువుతున్నాను. ఒక సందేహం. ఈ కార్బన్ డయాక్సైడ్ కథ మరీ తేలిగ్గా ముగిసిపోతోందేమో. 1996లో నెదర్లాండ్స్‌లో ఒక ప్రయోగం జరిగింది. ఇలాంటి రోగుల చేత కావాలని వేగంగా పీల్పించారు. ఒకసారి కార్బన్ డయాక్సైడ్ పడిపోనిచ్చారు, ఇంకోసారి దాన్ని బయటినుంచి కలిపి పడిపోకుండా ఉంచారు. మొదటిసారి 'ఇవి నా లక్షణాలే' అన్నవాళ్ళలో సగానికి పైగా రెండోసారి కూడా అదే అన్నారు. మరి వాయువు తగ్గకుండానే లక్షణాలు ఎలా వచ్చాయి? ఒంటిలోని ప్రతి కదలికనూ భయంతో గమనించడమే అసలు కారణం కాదా? పైగా ఆ నైమేగన్ ప్రశ్నల్లో చాలావరకు ఆందోళనలో కూడా కనిపించే లక్షణాలే. ఆందోళన ఉన్నవాళ్ళకు ఎక్కువ మార్కులు రావడంలో వింతేముంది?

ఛాతీ_డాక్టర్_గుంటూరు
మీరు చెప్పిన ప్రయోగం నిజమే. దాని తర్వాత, కావాలని ఎగరొప్పించి జబ్బు తేల్చే పరీక్షని చాలామంది మానేశారు. వేళ్ళు కొంకర్లు పోవడానికి కార్బన్ డయాక్సైడ్ కారణం అన్నంతవరకు నాకు అనుమానం లేదు, ఈ అబ్బాయి కాగితమే సాక్ష్యం. కానీ ఏడాదిగా రోజూ ఉండే ఆ నిండనితనానికి అదొక్కటే కారణమని నేను చెప్పలేను. ప్రశ్నల కాగితం గురించి కూడా మీతో ఏకీభవిస్తాను. అది దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు. ఆస్తమా ఉన్నవాళ్ళకు కూడా అందులో మార్కులు వస్తాయి. ఆస్తమా మందులు వాడేవాళ్ళలో చాలామందికి ఈ తప్పు ఊపిరి కూడా ఉంటుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు ఇన్‌హేలర్ పెంచుకుంటూ పోవడం నేను చూస్తుంటాను, బాధ మాత్రం తగ్గదు. కాబట్టి అమ్మా, మా దగ్గర ప్రశ్న 'ఇదా, అదా' అని ఉండదు, 'ఏది ఎంత' అని ఉంటుంది.

అశోక్‌నగర్_24
మేడమ్, ఊపిరితిత్తులు బాగుంటే మరి ఎందుకు నిండదు? అబద్ధం కాదు, నిజంగానే నిండదు.

ఛాతీ_డాక్టర్_గుంటూరు
అబద్ధమని ఎవరూ అనలేదు బాబూ. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే ఏమవుతుంది? నువ్వు సగమే వదిలి మళ్ళీ పీలుస్తున్నావు. ఛాతీ అప్పటికే ఉబ్బి ఉంది, పక్కటెముకలు ఇంక లేవలేవు. అందుకే ఊపిరి సగంలో ఆగినట్టుంటుంది. ఏది చాలడం లేదని నీకనిపిస్తోందో అదే లోపల ఎక్కువగా ఉంది. దానికి తోడు, ప్రతి నిట్టూర్పూ కార్బన్ డయాక్సైడ్‌ని మళ్ళీ కిందికి లాగుతుంది. ఇలా నెలల తరబడి జరిగితే మూత్రపిండాలు బైకార్బొనేట్‌ని తగ్గించి ఆ తక్కువ స్థాయికే ఒంటిని సర్దేస్తాయి. అప్పుడు మామూలుగా ఊపిరి తీసినా గాలి చాలనట్టు అనిపిస్తుంది.

అందుకని 'డీప్ బ్రెత్ తీసుకో' అన్న సలహా నీకు సరిపడదు. కపాలభాతి, భస్త్రిక కూడా ఇప్పుడు వద్దు, అవి వేగంగా గాలి తోడే పద్ధతులు. మోకాళ్ళు ముడిచి వెల్లకిలా పడుకో, నోరు మూసుకో, ముక్కుతో చిన్నగా, పొట్ట లేచేలా పీల్చు, దానికంటే ఎక్కువసేపు వదులు. వదలడం పూర్తయ్యాక తొందరపడకు. పూటకి పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు. నిట్టూర్పు రాబోతోందని తెలిస్తే ఒకసారి ఉమ్మి మింగి, చిన్న ఊపిరితో సరిపెట్టు. మొదటి వారం బాధ పెరిగినట్టు ఉంటుంది, అది అనుకున్నదే. మార్పు తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఎదురుగా కూర్చుని చూసే ఫిజియోథెరపిస్ట్ దొరికితే ఇంకా మంచిది. పరీక్షల భయం గురించి మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416కి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇన్‌హేలర్ సంగతి స్పైరోమెట్రీ చేయించి, ఆ ఫలితం చూశాక మీ డాక్టర్‌తో కలిసి తేల్చుకో. సీటీ స్కాన్‌కి ఇప్పుడు నాకు కారణం కనిపించట్లేదు.

అశోక్‌నగర్_24
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో స్పైరోమెట్రీ చేయించాను. మొత్తం ఊదింది 4.1 లీటర్లు, మొదటి సెకన్‌లో 3.5. మందు పీల్పించాక మళ్ళీ ఊదిస్తే 3.55. పీక్ ఫ్లో పొద్దున్న 520 దగ్గర, రాత్రి 540 దగ్గర ఉంటోంది. ఊపిరి నిండని బాధలో రెండుసార్లు ఊదాను, 530, 535.

కానీ ఒక రోజు పొద్దున్న 470 వచ్చింది. ముందు రోజు పాత పుస్తకాల అట్టపెట్టెలు దులిపాను, తుమ్ములు బాగా వచ్చాయి. రాత్రికి 530. ఆ రోజు లెక్క వేస్తే 12 శాతం. ఇది చూసి మళ్ళీ భయం పట్టుకుంది.

పీఎఫ్‌టీ_గది
మొదటి సెకన్‌లో 85 శాతం బయటికి వచ్చేసింది, గొట్టాలు తెరిచే ఉన్నాయి. మందు తర్వాత పెరిగింది 50 మిల్లీలీటర్లే. కనీసం 200 మిల్లీలీటర్లు, 12 శాతం రెండూ పెరిగితేనే మేము మార్పు ఉందని రాస్తాం. ఆ 470 రోజు మూడుసార్లు ఊదావా?

అశోక్‌నగర్_24
లేదు. ఒక్కసారే. క్లాసుకి ఆలస్యమైంది.

ఛాతీ_డాక్టర్_గుంటూరు
అయితే ఆ అంకెని నేను నమ్మను, అలాగని చెరిపేయను కూడా. లెక్క రెండు వారాల సగటుది, ఒక రోజుది కాదు. నీ సగటు నాలుగైదు శాతం దగ్గరే ఉంది. బాధ ఉన్నప్పుడు అంకె పడలేదన్నది నాకు అన్నిటికంటే పెద్ద ఆధారం. ఏడాదిగా నిన్ను బాధపెట్టింది ఆస్తమా కాదని దాదాపు ఖాయంగా చెప్పగలను. దుమ్ముకి ముక్కుతోపాటు గొట్టాలు కూడా కొంచెం స్పందిస్తాయా అన్నది మాత్రం తెరిచే ఉంచుదాం. ఇంకోసారి దుమ్ములో పని పడితే ఆ పూట, మర్నాడు మూడేసి సార్లు ఊది రాయి. అంకె మళ్ళీ పడిపోతే గొట్టాలను కొద్దిగా రెచ్చగొట్టి చూసే పరీక్ష ఒకటుంది, పెద్దాసుపత్రుల్లో చేస్తారు, అప్పుడు ఆలోచిద్దాం. నిట్టూర్పులు ఎలా ఉన్నాయి?

అశోక్‌నగర్_24
రూమ్మేట్‌ని లెక్కపెట్టమన్నాను. మొదట్లో గంటకి నలభై దాకా ఉండేవట, నిన్న సాయంత్రం పదహారు. రెండో వారం చాలా కష్టంగా గడిచింది, ఉమ్మి మింగి ఊరుకుంటే చచ్చిపోతానేమో అనిపించేది. ఇప్పుడు కొంచెం నయం. ఆదివారం మాక్ టెస్ట్ ఉంది. ముందు రోజు రాత్రి 11 గంటలకు మూడుసార్లు ఊది అంకె ఇక్కడే పెడతాను.